జిడ్డు, పసుపు పట్టిన స్టీలు గిన్నెలకు డిష్‌వాషర్ ఎలా వాడాలి: ముందు కడగడం, నీళ్ల వేడి, ప్రోగ్రామ్

ప్రశ్న: విజయనగరంలో ఉంటాం. డిష్‌వాషర్ కొని మూడు నెలలైంది. మావన్నీ స్టీలు గిన్నెలే. కూర గిన్నెలు ముందే సబ్బుతో కడిగి పెట్టినా, బయటికి తీశాక చేతికి జిడ్డు తగులుతోంది, అంచున పసుపు గీత ఉండిపోతోంది. "తోమి మళ్లీ అందులో పెట్టడమెందుకమ్మా" అని అత్తయ్యగారు రోజూ అంటున్నారు. ముందు కడగాలా, వద్దా? గీజర్ నీళ్లు కనెక్షన్ ఇస్తే మేలా? టైము లేక తొందరగా అయిపోయే 45 డిగ్రీల ప్రోగ్రామే పెడుతున్నాను. అది చాలదా?

సమాధానం:

మీ అత్తయ్యగారి మాటే సరైనదండీ. తోమి పెట్టనక్కర్లేదు. మీ ఇబ్బందికి కారణం చాలావరకు ఆ 45 డిగ్రీల ప్రోగ్రామే, మిగతాది మీరు ముందు వాడుతున్న సబ్బు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇళ్లలో ఈ మెషీన్లు బిగించడం, రిపేరు చేయడం నా పని. "జిడ్డు పోవట్లేదు" అని ఫోన్ వచ్చిన ఇళ్లలో మెషీన్ చెడిపోయి ఉండటం అరుదు. దాన్ని నడిపే పద్ధతిలోనే ఎక్కడో తేడా ఉంటుంది.

మనం చేత్తో తోమేటప్పుడు పీచు ఒరిపిడికి జిడ్డు లేచి వస్తుంది. మెషీన్‌లో ఒరిపిడి లేదు, నీళ్లు చిమ్మడమే ఉంది. కాబట్టి ఆ పని వేడి, పౌడరులోని క్షారం, సమయం, ఈ మూడూ కలిసి చేయాలి. ఇందులో ఒకటి తగ్గితే మిగతా రెండూ పెరగాలి. తొందర ప్రోగ్రామ్‌లో వేడీ తక్కువే, సమయమూ తక్కువే. నీళ్లు 45 డిగ్రీలకు చేరి, ఆ వేడిలో కాసేపు తిరిగి, బయటికి పోతాయి. నెయ్యి, డాల్డా, మాంసం కొవ్వు లాంటివి ఆ వేడికి కరుగుతాయి కానీ, నీళ్లలో చిన్న చుక్కలుగా విడిపోయి బయటికి కొట్టుకుపోయేంత టైము దొరకదు. తర్వాత జాడించే నీళ్లు తగలగానే ఆ కొవ్వు మళ్లీ గట్టిపడి గిన్నెల మీద, లోపలి గోడల మీద, ఫిల్టర్ జాలీలో పేరుకుంటుంది. వేరుశెనగ నూనె, నువ్వుల నూనె గడ్డకట్టవు కానీ, చల్లటి నీళ్లలో చిక్కగా స్టీలుని అంటిపెట్టుకునే ఉంటాయి.

ఇంకో సంగతి. డిష్‌వాషర్ పౌడరులో ఎంజైములు ఉంటాయి. అవి అన్నం గంజినీ, పప్పు, పాలు, గుడ్డు లాంటి మాంసకృత్తులనీ విడగొట్టడానికి. నూనె సంగతి చూసేది క్షారమూ వేడీనే. అందుకే మీ గిన్నెల్లో అన్నం మెతుకులు బాగానే పోయి, జిడ్డు మాత్రం మిగిలి ఉంటుంది. ఒకసారి గమనించండి.

పసుపు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని వేరే మరకగా చూస్తారు. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. పోపులో వేసిన పసుపంతా నూనెతో కలిసిపోయి, నూనె ఎక్కడ ఉంటే అక్కడ ఉంటుంది. స్టీలు రంగు పీల్చుకోదు. అంటే మీ గిన్నె అంచున కనిపించే పసుపు గీత స్టీలుకి పట్టిన రంగు కాదు, అక్కడ ఇంకా పల్చటి నూనె పొర ఉందన్న గుర్తు. నూనె పోతే గీత దానంతటదే పోతుంది. దాని కోసం విడిగా నిమ్మకాయ రుద్దనక్కర్లేదు. ఒక్కోసారి ఆ గీత పసుపుగా కాకుండా ఎర్రటి గోధుమ రంగులో కనిపిస్తుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పారాణి చేసేటప్పుడు పసుపులో సున్నం కలిపితే ఎర్రబడినట్టే. అది చూసి తుప్పు అని కంగారు పడకండి. ప్లాస్టిక్ డబ్బాలు, మెలమైన్ ప్లేట్లు మాత్రం ఆ రంగు నిజంగానే పీల్చుకుంటాయి. కూర గిన్నెలతో పాటు తెల్ల ప్లాస్టిక్ పెడితే పచ్చబడుతుంది. అలా అయినవాటిని రెండు మూడు రోజులు ఎండలో ఉంచండి, వెలుతురుకి పసుపు రంగు వెలిసిపోతుంది.

ఇక ముందు కడగడం గురించి. చేయాల్సింది కడగడం కాదు, తీసేయడం. కంచంలోని కరివేపాకు, ములక్కాడ పిప్పి, చేప ముళ్లు, చింతపండు పిప్పి, ఎండుమిర్చి తొక్కలు చెత్తబుట్టలోకి దులపాలి. వీటిలో నాకు ఎక్కువగా కనిపించేది కరివేపాకు. అది ఫిల్టర్ దాటిపోతే స్ప్రే చేతుల రంధ్రాల్లో అడ్డంగా ఇరుక్కుంటుంది. రంధ్రం మూసుకుంటే ఆ వైపు గిన్నెలు మురికిగానే బయటికి వస్తాయి. మూకుడులో మిగిలిన నూనెను పాత న్యూస్‌పేపరుతో ఒక్కసారి తుడిచి పడేయండి. ఒక మూకుడు అడుగున రెండు చెంచాల నూనె ఉండటం మనకు మామూలే. మెషీన్ ఒక్కో దశలో తీసుకునేది మూడు నాలుగు లీటర్ల నీళ్లు, ఆ నీళ్లే తిప్పి తిప్పి అన్ని గిన్నెల మీదా చిమ్ముతుంది. మూకుడు నూనె గ్లాసులకు అంటేది అక్కడే. ఆ రెండు చెంచాలు పేపరుకి పోతే పౌడరుకి సగం పని తగ్గుతుంది.

సబ్బు మాత్రం వద్దు. చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ గానీ, సబ్బు బిళ్ల గానీ కొంచెం మిగిలి ఉన్నా లోపల నురగ లేస్తుంది. నురగ లేస్తే పంపు నీళ్లతో పాటు గాలి లాగుతుంది, చిమ్మే జోరు పడిపోతుంది, పై బుట్టకు నీళ్లు సరిగ్గా చేరవు. "సబ్బుతో కడిగి పెట్టినా" అని మీరు రాశారు. మీ జిడ్డులో కొంత ఈ సబ్బు వల్లే వస్తోంది. ప్రోగ్రామ్ మధ్యలో తలుపు తీస్తే అడుగున తెల్లటి నురగ కనిపిస్తే అదే సంగతని తెలుసుకోండి.

మీ మెషీన్‌లో ఆటో ప్రోగ్రామ్ ఉంటే, తోమి పెట్టడం వల్ల ఇంకో నష్టం ఉంది. ఆటోలో నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో ఒక సెన్సర్ చూసి, దాన్ని బట్టి వేడినీ టైమునీ పెంచుతుంది, తగ్గిస్తుంది. మీరు పైపైన కడిగేస్తే మెతుకులు, మసాలా పోతాయి, సన్నటి నూనె పొర మాత్రం ఉండిపోతుంది. నీళ్లు తేటగా కనిపించేసరికి మెషీన్ గిన్నెలు పెద్దగా మురికిగా లేవనుకుని తక్కువ వేడితో ముగించేస్తుంది.

నానబెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. మన వైపు ఇళ్లలో మొదట చెప్పాల్సింది చోడి అంబలి గిన్నె. అంబలి, గంజి, దోసెల పిండి ఆరిపోతే బిగుసుకుపోతాయి, మెషీన్ వాటిని లేపలేదు. గిన్నె ఖాళీ అవగానే చన్నీళ్లు పోసి వదిలేయండి, మెషీన్‌లో పెట్టేముందు ఆ నీళ్లు వంపేస్తే చాలు. పాలగిన్నెకీ అంతే. వీటికి వేడినీళ్లు పోయకండి, పిండి ఉడికి, పాల మీగడ బిగిసి ఇంకా అంటుకుంటాయి. మాడిన అడుగు మాత్రం వేరు. దానికి వేడినీళ్లు, ఒక చెంచా డిష్‌వాషర్ పౌడరు వేసి అరగంట ఉంచి, చేతికి గ్లవ్ వేసుకుని పీచుతో ఒకసారి తోమండి. మాడు మెషీన్ వల్ల కాదు. అలాగే మూకుడు వెనక ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి పొర కూడా. అది నూనే అయినా మంట వేడికి వార్నిష్‌గా మారిపోయింది, 70 డిగ్రీల నీళ్లకు కరగదు.

మధ్యాహ్నం గిన్నెలు పెట్టి రాత్రికి వేసేవాళ్లు, మధ్యాహ్నమే ప్రీ రిన్స్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నడపండి. పదిహేను నిమిషాలు, చన్నీళ్లు, పౌడరు వేయనక్కర్లేదు. మన ఉక్కపోతలో ఆరు గంటలకే చేపల పులుసు వాసన ముదిరిపోతుంది, దానికీ ఇదే మందు.

గీజర్ కనెక్షన్ వద్దండీ. చాలా మెషీన్లు 60 డిగ్రీల దాకా వచ్చే నీళ్లను తట్టుకుంటాయని మాన్యువల్‌లో ఉంటుంది, కానీ తట్టుకోవడం వేరు, మేలు చేయడం వేరు. మామూలు ప్రోగ్రామ్ చన్నీళ్లతో మొదలవడంలో అర్థం ఉంది. చన్నీళ్లు ముందు పాలు, గుడ్డు, పిండి లాంటివి లేపుతాయి, తర్వాత మెల్లగా వేడెక్కుతూ ఎంజైములు బాగా పనిచేసే 50 డిగ్రీల ప్రాంతం దాటి, చివరికి జిడ్డు పని పట్టే వేడికి చేరతాయి. మొదటి నుంచీ 60 డిగ్రీల నీళ్లు ఇస్తే మొదటి మెట్టు పోతుంది. పైగా మధ్యలో జాడించే దశలకు కూడా అనవసరంగా గీజర్ నీళ్లు ఖర్చవుతాయి. మే నెలలో మన డాబా మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి ఎలాగూ వేడిగానే ఉంటాయి, అవి చాలు.

వేడి విషయంలో మీరు చూసుకోవాల్సింది గీజర్ కాదు, కరెంటు. లోపలి హీటర్ దాదాపు 2 కిలోవాట్లది. 16 ఆంపుల ప్లగ్ తప్పనిసరి, ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. సాయంత్రాలు ఓల్టేజీ పడిపోయే వీధుల్లో ఇంకో చిక్కు ఉంది. 230 రావాల్సిన చోట 180 వస్తే హీటర్ ఇచ్చే వేడి ఐదింట మూడు వంతులకు పడిపోతుంది. నీళ్లు వేడెక్కేదాకా మెషీన్ ఆగుతుంది కాబట్టి రెండు గంటల ప్రోగ్రామ్ బాగా సాగుతుంది, కొన్ని మెషీన్లు ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. అలాంటి చోట రాత్రి పది దాటాక వేయడం మంచిది.

ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి, పక్కన రాసిన డిగ్రీలు చూడండి. ఒకే "క్విక్" అన్న పేరుతో ఒక మెషీన్‌లో 45, ఇంకోదానిలో 65 ఉంటుంది. 65 డిగ్రీల గంట ప్రోగ్రామ్ అయితే రోజువారీ కంచాలు, గ్లాసులు, పప్పు గిన్నెలకు చక్కగా సరిపోతుంది. 45 డిగ్రీలది టీ కప్పులకు, మంచినీళ్ల గ్లాసులకు మాత్రమే. ఎకో 50 డిగ్రీలది మూడు గంటలకు పైగా తీసుకుంటుంది. వేడి తక్కువైనా సమయం ఎక్కువ కాబట్టి, నూనె తక్కువ ఉన్న రోజు అది మంచి ప్రోగ్రామే, కరెంటూ నీళ్లూ కలిసొస్తాయి. వేపుళ్లు, చేపల పులుసు, మాంసం వండిన రోజు మాత్రం ఇంటెన్సివ్ 70 తప్ప వేరే దారి లేదు. రెండు గంటల పైన పడుతుంది, పట్టనివ్వండి. రాత్రి పడుకునే ముందు వేస్తే ఆ టైముతో మనకు పనేముంది?

మొన్న రాజాంలో ఒక ఉమ్మడి కుటుంబం వాళ్ల ఇంట్లో ఇలాంటి కేసే చూశాను. ఆదివారం గిన్నెలు: వంకాయ వేపుడు చేసిన స్టీలు మూకుడు, చేపల పులుసు దబర, పప్పు గిన్నె, చోడి అంబలి గిన్నె, ఎనిమిది కంచాలు, గ్లాసులు. వాళ్లు అన్నీ లిక్విడ్ సబ్బుతో ఒకసారి కడిగి, ట్యాబ్లెట్ వేసి, 45 డిగ్రీల ప్రోగ్రామ్ పెట్టేవారు. తలుపు లోపలి అంచు వేలితో తుడిస్తే మైనంలా తెల్లటి కొవ్వు వచ్చింది. ఫిల్టర్ తీస్తే జాలీ రంధ్రాలు సగం మూసుకున్నాయి, మధ్య గొట్టంలో కరివేపాకు ముద్దగా ఉంది. ముందు ఫిల్టర్‌ను వేడినీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగించాను. తర్వాత గిన్నెలు సబ్బు లేకుండా పెట్టాం. మూకుడునూ దబరనూ పేపరుతో తుడిచాం, అంబలి గిన్నె నానబెట్టి వంపాం, కంచాలు దులిపాం. ట్యాబ్లెట్ బదులు పౌడరు, పెట్టెలో దాదాపు 25 గ్రాములు, ఇంకో చెంచా తలుపు లోపలి వైపు పైన చల్లాం. ఆ చెంచా ఎందుకంటే, పెట్టె మూత తెరుచుకునేది అసలు వాష్‌లోనే. తలుపు మీద చల్లినది మొదటి దశలోనే నీళ్లలో కలిసి, నూనెలో పెద్ద వాటా అప్పుడే బయటికి పోతుంది. ట్యాబ్లెట్‌తో ఈ వీలు లేదు, పొట్టి ప్రోగ్రామ్‌లలో అది పూర్తిగా కరగదు కూడా. ఇంటెన్సివ్ 70 వేశాం.

తీశాక కంచం ఆరనిచ్చి, దాని మీద చెంచాడు మంచినీళ్లు పోశాను. జిడ్డు లేని స్టీలు మీద నీళ్లు పల్చగా పరుచుకుంటాయి, జిడ్డు ఉంటే తామరాకు మీద చుక్కల్లా విడిపోతాయి. అన్ని కంచాల మీదా నీళ్లు పరుచుకున్నాయి. దబర అంచున పసుపు గీత లేదు. మూకుడు అడుగున రూపాయి బిళ్లంత మాడు మాత్రం మిగిలింది, దాన్ని చేత్తో తోమాల్సి వచ్చింది. మీరు కూడా ఇంట్లో ఈ నీళ్ల పరీక్ష చేసి చూడండి.

ఒక్కోసారి గిన్నెల మీద తెల్లటి పొర ఉంటే అది జిడ్డా, ఉప్పునీళ్ల మరకా అని తేల్చుకోవాలి. నిమ్మరసం ముంచిన గుడ్డతో తుడవండి. తేటగా పోతే అది బోరు నీళ్ల సున్నం. గుడ్డకు జారుడుగా అంటుకుంటే అది కొవ్వు. సున్నం అయితే డిష్‌వాషర్ ఉప్పు నింపి, నీళ్ల కాఠిన్యం సెట్టింగ్ పెంచాలి. వంటింటి ఉప్పు అందులో వేయకూడదు. ఉప్పు నింపిన వెంటనే ఒక ప్రోగ్రామ్ నడపాలి, లేకపోతే ఒలికిన ఉప్పునీళ్లు స్టీలు అడుగుని గుంటలు పడేలా తినేస్తాయి. మున్సిపల్ నీళ్లు వాడే ఇళ్లలో ఈ బాధ తక్కువ, బోరు మీద ఆధారపడే ఇళ్లలో ఎక్కువ. పౌడరు డబ్బా మూత గట్టిగా పెట్టండి. మన తేమకు పదిహేను రోజుల్లో గడ్డకడుతుంది, గడ్డకట్టిన పౌడరు సరిగ్గా కరగదు.

పెట్టే తీరు గురించి ఒక్క మాట. స్టీలు గిన్నెలు ఒకదానిలో ఒకటి దూరిపోతాయి, అలా దూరితే లోపలి గిన్నెకు నీళ్లే తగలవు. మూకుడు, దబర కింది బుట్టలో, నోరు కిందికి పెట్టి కొంచెం వంచి ఉంచండి. అంచు పెద్దగా ఉన్న అన్నం కంచాలు పై చేతికి తగిలి దాన్ని ఆపేస్తాయి, కాబట్టి తలుపు మూసేముందు రెండు స్ప్రే చేతులనూ వేలితో ఒకసారి తిప్పి చూడండి. అల్యూమినియం గిన్నెలు, ఇత్తడి, ఇనప పెనం, రాతిచిప్ప, కొయ్య పప్పుగుత్తి లోపల పెట్టకండి. ముఖ్యంగా అల్యూమినియం క్షారానికి నల్లబడుతుంది, మళ్లీ మెరుపు రాదు.

ఇవన్నీ చేశాక కూడా జిడ్డు మిగిలితే అప్పుడు హీటర్‌ని అనుమానించాలి. ఇంటెన్సివ్ వేసి, నలభై నిమిషాల తర్వాత పాజ్ నొక్కి, ఒక నిమిషం ఆగి తలుపు కొంచెం తెరవండి, ముఖం దూరంగా పెట్టుకోండి. వేడి ఆవిరి బాగా రావాలి, స్టీలు మీద చెయ్యి నిలవకూడదు. గోరువెచ్చగానే ఉండి, ఇంట్లో ఓల్టేజీ కూడా సరిగ్గా ఉంటే, హీటర్ గానీ దాని సెన్సర్ గానీ చెడిందని అర్థం. మూడు నెలలే అయింది కాబట్టి వారంటీలోనే ఉంటుంది. కంపెనీ సర్వీసుకి ఫోన్ చేసి "70 ప్రోగ్రామ్‌లో నీళ్లు వేడెక్కట్లేదు" అని ఈ మాటలోనే చెప్పండి. "జిడ్డు పోవట్లేదు" అంటే ముందు పౌడరు మార్చమని చెప్పి ఊరుకుంటారు.